ఇద్దరి పేర్లున్న కాగితం

కర్నూలు రాజధానైన కొత్తలో మార్కాపురం రంగనాయకులు, అర్ధవీడు చెన్నకేశవులు గుమాస్తా ఉద్యోగాల వేట మొదలుపెట్టారు. వారం వారం ఒక కాగితం మీద గళ్లు గీసుకునేవారు. వారానికి తలా ఐదు దరఖాస్తులు, కొలువుల్లో ఉన్న ఇద్దరినైనా పోయి కలవడం, ఆదివారం ఇంటర్వ్యూకు తర్ఫీదు. ఏ ఆఫీసుకు ఎప్పుడు పంపిందీ, ఏం జవాబొచ్చిందీ ఎవరి పేరు కింద వాళ్లు రాసేవారు. అర్ధవీడుకు టపా ఆలస్యమని చెన్నకేశవులు కూడా మార్కాపురంలోని రంగనాయకులు దుకాణం చిరునామానే ఇచ్చాడు. అదే పొరపాటైంది.

చెన్నకేశవులు టైఫాయిడ్‌తో పోయి నెల దాటింది. అయినా జవాబులు అతనికే వస్తున్నాయి. రంగనాయకులు గడి ఖాళీగా ఉంది, చచ్చినవాడి గడి నిండుతోంది. ఆ కాగితాన్ని చింపడానికి చెయ్యి రాదు, రాయకుండా ఉంటే నిద్ర రాదు.

మొన్న చెన్నకేశవులు పేరున ఇంటర్వ్యూ కార్డొచ్చింది. ఆదివారం అతని తండ్రి కాశయ్య దుకాణానికి వస్తే, రంగనాయకులు దాన్ని చదివి వినిపించాడు.

"ఆడ ఏమేం అడుగుతారు నాయనా?"

ముసలాయన కొడుకు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు.

"మావాణ్ణి ఎట్ల అడుగుతుంటివో నన్ను అట్లనే అడుగు."

"మీ పేరు?"

కాశయ్య లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చెన్నకేశవులండి."

"చదువు?"

"స్కూలు ఫైనలు పాసైనానండి."

"ఇప్పుడేం చేస్తున్నారు?"

"ఇంటికాడనే ఉన్నానండి."