తెలుగు రాసే చెయ్యి

అరవదేశంలోని కృష్ణగిరి కాలేజీలో అరవైలలో తెలుగు చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. హోసూరు నుంచి బస్సులో పోయి వచ్చేసరికే ఒళ్లు హూనమయ్యేది. పరీక్షలు దగ్గరపడ్డాక గోరుచుట్టు మీద రోకటిపోటులా ఒక పని నా నెత్తిన పడింది.

పి.యు.సి. కుర్రవాడొకడు, గురుబరపల్లి కూలివాళ్ల బిడ్డ, చింతకాయలు దులపడానికి చెట్టెక్కి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పరీక్ష తప్పితే వాళ్ల నాయన మళ్లీ కాలేజీకి పంపేది లేదు. రాసిపెట్టడానికి ఒక మనిషినీ, విడిగా కూర్చునే చోటునూ కోరుతూ ప్రిన్సిపాలుకు వాడి పేరున అర్జీ రాశాను. వాడు ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టాడు. సర్కారు ఆస్పత్రి డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, ప్రిన్సిపాలు యూనివర్సిటీకి పంపారు.

అనుమతి వచ్చింది. రాసేవాళ్లు పి.యు.సి. కంటే తక్కువ చదివినవాళ్లై ఉండాలి, చుట్టాలు కాకూడదు. ఇంగ్లీషుకూ, మిగతా పరీక్షలకూ హైస్కూలు పిల్లవాడు దొరికాడు. తెలుగు పరీక్ష రాసేదెవరు? నాకు చేతనయింది అదొక్కటే, నేను రాయకూడదు.

బజారంతా కాళ్లరిగేలా తిరిగాను. ప్రతి అంగట్లోనూ తెలుగు మాటలే, తెలుగు తిట్లే.

"ఇంట్లో, అంగట్లో తెలుగే మాట్లాడతాము అయ్యవారూ. రాసేది మాత్రం అరవమే. బళ్లో అదే గదా నేర్పినారు!" అన్నాడు బట్టల వర్తకుడొకడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించేది?

చివరికి ఆ వర్తకుడి భార్యే దిక్కయింది. కుప్పం వైపు అమ్మాయి. అయిదో తరగతి దాకా తెలుగు బళ్లో చదివింది. పెళ్లయ్యాక పుట్టింటికి కార్డు రాయడం తప్ప కలం పట్టింది లేదు.

"నా రాత చూస్తే నవ్వుతారేమోప్పా," అందామె. "బిడ్డకు మేలు జరిగేదంటే వస్తాను."

వాడు చెప్పేది పక్కవాళ్లకు వినబడకుండా లైబ్రరీ వెనక గదిలో బల్ల వేయించారు. కాపలాకు వేరే మేష్టరు. నేను వరండాలో నిలబడ్డాను. పద్యం తాత్పర్యం గడగడా మొదలుపెట్టి, ఆమె చెయ్యి అందుకోలేక వాడు మాటకొకసారి ఆగుతున్నాడు. ఎక్కువ సమయం ఇచ్చే వాడుక అప్పుడు లేదు. గంట కొట్టేసరికి సగం ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. ఆమె వేళ్లు దులుపుకుంటూ బయటికి వచ్చి నా ముఖం చూడలేక తల దించుకుంది. ఆమెను ఏమనగలను? జాలేసింది.

ఫలితాలు వచ్చాయి. ఇంగ్లీషుతో సహా అన్నీ పాసయ్యాడు. తెలుగు తప్పాడు.

కట్టు విప్పిన చేతితో నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మా అమ్మ ఒకటే అడగతా ఉంది సార్," అన్నాడు. "మనం మాట్లాడేదే తెలుగు గదా, దాంట్లో ఎట్లా పోయినావురా అని. ఏం చెప్పేది సార్?"