నాన్న మంచం దాకా అనుమతి

మా అత్తయ్య బట్టలు కుడుతుంది. మిషను ఆగినా నోరు ఆగదు. నాన్నకి సొంత చెల్లెలు. నాన్న ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచీ, మంచం పక్కన నిలబడి ప్రార్థన చెయ్యాలని ఆవిడకి ఒకటే పంతం. "వస్తే రా, ప్రార్థన గుమ్మం బయటే వదిలేసి రా" అని నాన్న. మాటా మాటా పెరిగి ఆవిడ రావడమే మానేసింది. ఇద్దరి మధ్యా నా ప్రాణం విసిగిపోయింది.

ఒకరోజు మిషను మీద మోచేతులానించి, "ఆసుపత్రి పెద్దాయనకి ఉత్తరం రాయవే. మా ప్రార్థన బృందం వారం వారం రోగుల దగ్గరికి రావడానికి ఒప్పుకోమను. పైనుంచి పర్మిషన్ వస్తే మీ నాన్న నోరెత్తడు" అంది.

ఓపిక లేకపోయినా రాశాను. వాళ్ళ కూటంలో జబ్బుపడ్డవాళ్ళ పేర్లు పైకి చదివి ప్రార్థించడం అలవాటు. ఆ లెక్కనే అత్తయ్య ఏ మంచంలో ఎవరు, ఏం జబ్బు అన్నీ ఉత్తరంలోకి ఎక్కించింది. ఎంత శ్రద్ధో తెలియాలట!

ఇద్దరం పట్టుకెళ్ళి ఇస్తే, ఆ పెద్దాయన, పరిపాలనాధికారి, అది చదివి కళ్ళు నులుముకున్నాడు. "ఇవన్నీ మీకెవరు చెప్పారమ్మా?"

"అన్నయ్యని చూడ్డానికొచ్చినప్పుడు వాళ్ళే చెప్పుకున్నారండీ, పాపం."

"మీతో చెప్పుకున్నారు. కాగితం మీద పెట్టమన్నారా?"

అత్తయ్య ఉత్తరం వెనక్కి తీసుకుంది. ఆయన తిట్టలేదు. ఏమేం రాయాలో చెప్పి పంపాడు. మళ్ళీ మొదలుపెట్టాను. గురువారం సందర్శన వేళలోనే వస్తాం. వార్డుకి ఇద్దరికి మించి రాం. ఐసీయూకీ, అంటువ్యాధుల వార్డుకీ వెళ్ళం. జలుబున్నవాళ్ళని తీసుకురాం. చేతులు కడుక్కుంటాం, గొంతు పెంచం, తినడానికి ఏమీ ఇవ్వం, పుస్తకాలు పంచం, ఫోటోలు తియ్యం. డాక్టరొస్తే తప్పుకుంటాం. విన్నది బయట చెప్పం. నర్సు ముందుగా అడిగి, రోగి సరేనంటేనే మంచం దగ్గరికి వెళ్తాం. బృందం తరఫున అత్తయ్య సంతకం పెట్టింది. అనుమతి వచ్చింది.

మొదటి గురువారం మెడలో ప్రార్థన బృందం బ్యాడ్జీతో అత్తయ్య, తోడుగా నేను వార్డు గుమ్మంలో నిలబడ్డాం. నర్సు ఒక్కొక్కరినీ అడిగి వచ్చింది. "కిటికీ పక్క మామ్మగారు రమ్మన్నారు. మీ అన్నగారు వద్దన్నారండీ."

"నేను చెల్లెల్నమ్మా!"

"చెల్లెలిగా వెళ్ళండి, ఎవరు కాదన్నారు? బ్యాడ్జీతో అయితే కుదరదు."

"నువ్వు సంతకం పెట్టిన షరతే అత్తయ్యా" అన్నాను. కోపంగానే అన్నాను. ఆవిడ కిటికీ వైపు నడిచింది. మామ్మగారి దగ్గర చిన్న గొంతుతో ప్రార్థన ముగించింది. బ్యాడ్జీ నర్సు చేతిలో పెట్టి, చేతులు కడుక్కుని నాన్న మంచం దగ్గరికి వచ్చింది. స్టూలు మీద కూలబడింది. ప్రార్థనకి మాత్రం పెదవి కదపలేదు.

నాన్న కళ్ళు తెరిచాడు. "అయిందా నీ డ్యూటీ?"

"అయింది అన్నయ్యా."

"నన్ను చూడ్డానికి కూడా పెద్దాయన సంతకం కావాల్సొచ్చిందటే నీకు? రోజూ ఆ గుమ్మం వైపే చూస్తూ పడుకున్నాను."

అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సందర్శన వేళ అయిపోయిందని బెల్లు కొట్టారు. నాన్న చెయ్యి వదల్లేదు.