నల్ల ఫోటోలు

కామారెడ్డిలో ఒక జిరాక్స్ షాపు పై గదిలో, ఆరు కంప్యూటర్లతో నడిచే డేటా ఎంట్రీ ఆఫీసులో నేను రెండేళ్లు పనిచేశాను. నేను బడికి పోలేదు. బాపు ఇంట్లోనే చదువు చెప్పాడు. కంప్యూటర్ మాత్రం పుస్తకాలు ముందేసుకుని నేనే నేర్చుకున్నాను. సర్టిఫికెట్ ఒక్కటి కూడా లేని నన్ను పనిలో పెట్టుకున్నందుకు మా సార్‌ను రోజూ దీపం పెట్టేటప్పుడు తలచుకునేదాన్ని. ఇప్పటికీ తలచుకుంటాను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

2012లో ఒక ఆస్పత్రి పాత కేసు షీట్లు మాకు వచ్చాయి. తెర మీద ఒక పక్క స్కాన్ చేసిన కాగితం, ఇంకో పక్క మేము నింపే పట్టిక. పేరు, ఊరు, జబ్బు. ఇవి మనుషుల జబ్బులు, లేచేటప్పుడు తెరకు లాక్ వేసి లేవండని మొదటి రోజే అందరికీ చెప్పాను.

పని ఇచ్చినవాళ్లు, మనుషులు కూర్చుని చేస్తున్నట్టు రుజువు కావాలన్నారు. సార్ అడిగితే స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాం రాశాను. అది తెరను ఫోటో తీసి, కంప్యూటర్ నంబరు, తేదీ, సమయం కలిపి పేరు పెట్టి, ఉమ్మడి ఫోల్డర్‌లో దాస్తుంది. పేరులో సమయం లేకపోతే కొత్త ఫోటో పాతదాన్ని చెరిపేస్తుంది. ఐదు నిమిషాలకోసారి నడిచేలా ఆరింటిలోనూ షెడ్యూల్ పెట్టాను. ఫోటోలు వరుసగా వచ్చి పడుతుంటే మురిసిపోయాను. ఆ మురిపెం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వారం తిరిగేసరికి సార్ మూడో నంబరు కంప్యూటర్ దగ్గరికి వచ్చారు. అక్కడ కూర్చునే పిల్ల ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆ జీతం మీదే ఇంట్లో పొయ్యి వెలిగేది.

"ఏందమ్మా, నీ ఫోటోలల్ల సగం నల్లగున్నయి? మానిటర్ బంద్ చేసి యాడికి పోతున్నవ్?"

"యాడికి పోత సార్! స్కాన్ల అక్షరాలు కనిపిస్తలేవు. పక్క రూముల అసలు కాగితం చూసొస్తున్న."

తప్పు నాది. తెరకు లాక్ పడితే నా స్క్రిప్ట్‌కు కనబడేది ఏమీ లేదు, నల్ల ఫోటోయే వస్తుంది. లాక్ వేయమన్నది నేనే, ఫోటో తీయించిందీ నేనే. రెండూ కలిపి ఆలోచించలేదు.

సార్‌ను కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను; ఫోటో ఉంటే పని జరిగినట్టు కాదని చూపించడానికి ఐదో నంబరు కంప్యూటర్ ఫోటోలు వరుసగా తెరిచాను. అక్కడ కూర్చునే అన్న ఒక కాగితం తెరిచిపెట్టి కిందికి చాయ్‌కి పోతాడు. పదకొండు నుంచి పన్నెండుకు పది నిమిషాల ముందు దాకా పదకొండు ఫోటోలు. అన్నింటిలో అదే రోగి, అదే గడిలో ఆగిన కర్సర్. మూలన గడియారం ఒక్కటే మారుతోంది.

"నా తెర మీద పనే కనిపిస్తుంది గదా సార్," అని ఆ అన్న నవ్వాడు. "నల్లగ గిట్ల ఉందా ఏంది?"

సార్ పదకొండూ చూశారు. ఆయనకు అర్థమైంది, ముఖంలో తెలిసిపోయింది. అర్థమయ్యాకే అన్నారు: "పని ఇచ్చినోళ్లు ఒక్కొక్క ఫోటో గిట్ల చూస్తరా అమ్మా? నల్లగ లేకుంటే చాలు. రేపటి సంది ఎవ్వరూ లాక్ వేయొద్దు."

మర్నాడు ఆ పిల్ల తెర తెరిచే ఉంచి అసలు కాగితానికి పోయింది. తిరిగొచ్చేసరికి కింది జిరాక్సాయన తెర మీదికి వంగి ఉన్నాడు. ఆ షీటు ఎల్లారెడ్డి దగ్గరి ఒక పెళ్లికాని ఆడపిల్లది.

"ఈమె మా ఊరామెనే! గీ రోగముందా?" అని పళ్లికిలించాడు. ఐదో నంబరు అన్న కూడా నవ్వాడు. చాయ్ వాసన కొట్టే ఆ నోళ్లను చూస్తే నాకు అసహ్యమేసింది.

ఆ పిల్ల అడ్డం నిలబడి లాక్ వేసి, గుమ్మంలో ఉన్న సార్ వైపు తిరిగింది. "సార్, రేపు నా అక్క కాగితం గిట్ల వస్తే? నేను తెరిచి పెట్ట."

"అయితే రేపటి సంది రాకు."

ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. నేను లేచి ఒక్కో కంప్యూటర్‌లో షెడ్యూల్ తీసేశాను. ఆరింటికీ కలిపి పది నిమిషాలు పట్టింది.

"సర్టిఫికెట్ లేకున్నా పని ఇచ్చిన నీకు. గుర్తుందా?"

"ఉంది సార్. సచ్చేదాక ఉంటది. కానీ ఇది మళ్లీ రాయ."

సార్ ఇంకొకరితో రాయించుకున్నారు. అప్పటిదాకా వచ్చిన ఫోటోల్లోంచి నల్లవి ఏరి పారేసి, మిగిలినవి పంపారు. ఐదో నంబరువి పదకొండూ వాటిలో ఉన్నాయి. రుజువులు బాగున్నాయని జవాబు వచ్చింది. నెలాఖరున నేను మానేసే రోజున ఆ జవాబు ప్రింటు గోడకు అంటించి ఉంది.