అత్త పంపే గులాబీలు

మా కుటుంబం గ్రూపులో తెల్లారేది తాడేపల్లిగూడెం మేనత్తతోనే. మంచు చుక్కల గులాబీ, పక్కన పొగలు కక్కే కాఫీ కప్పు, కింద శుభోదయం. ఆవిడకు టైపు చేయడం రాదు. వచ్చినదాన్ని ఇటు తోసేయడం మాత్రం బాగా వచ్చు. వెనకాలే గణపవరం బాబాయి దిగుతాడు. తన చేపల చెరువుకు సున్నం చల్లినంత ధీమాగా మనుషులకూ వైద్యం చెబుతాడు. తుమ్ములొస్తున్నాయని నేనొకసారి రాసిన పాపానికి, సాయంత్రంలోగా మిరియాల కషాయం దగ్గర్నుంచి ఉద్యోగం మానేయడం దాకా సలహాలొచ్చాయి.

గ్రూపులో నోరు మెదపనిది మా నాన్న ఒక్కరే. ఏలూరులో మాతోనే ఉంటారు. ఏదో మాట పట్టింపు వచ్చి ఆయనకూ అత్తకూ రెండేళ్లుగా మాటల్లేవు. ఇద్దరికిద్దరూ మొండివాళ్లే. "మీ అత్తకి వేరే పని లేదా?" అంటూనే నాన్న రోజూ ఆ గులాబీ ఫోటో తెరిచేవారు.

మొన్న మా తమ్ముడి కొడుక్కి అన్నప్రాసన. ఫంక్షన్ హాలు మారిందని తమ్ముడు పెట్టిన మెసేజి గులాబీల కింద పూడుకుపోయింది. బాబాయి పాత హాలుకు వెళ్లి, ఎవరో పిల్ల ఓణీల ఫంక్షన్లో అక్షింతలు వేసి, భోజనం కూడా చేసి వచ్చాడు. తమ్ముడికి ఒళ్లు మండింది. గ్రూపు అడ్మిన్ వాడే కాబట్టి, ఇకపై అడ్మిన్ తప్ప ఎవరూ ఏమీ పెట్టకుండా సెట్టింగు మార్చేశాడు. నాకైతే ప్రాణం హాయిగా అనిపించింది.

మూడో రోజు పొద్దున్నే అత్త మా గుమ్మంలో ఉంది.

"కళ్ల డాక్టరు దగ్గరకొచ్చానే. మీ నాన్న కులాసాగా ఉన్నారా?" అంది గొంతు తగ్గించి.

"ఉన్నారత్తయ్యా. నాకు ఫోన్ చేసి అడగొచ్చు కదండీ?"

"ఆయన కోసమే చేశానని తెలిసిపోదూ?"

ఫోను తీసి, తన చివరి గులాబీ మీద వేలు నొక్కిపట్టి, వివరాలు తెరిచింది. ఎవరెవరు ఎన్నింటికి చూశారో వరసగా పేర్లు.

"ఇందులో మీ నాన్న పేరు పడితే లేచారని నాకు ధైర్యం. గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి కదా. ఇప్పుడేమో పంపుదామంటే దారే లేదు. ఫోను బానే ఉందంటాడు షాపాయన."

ఇన్నాళ్లూ ఆ పూలను చూసి నవ్వుకున్నదాన్ని నేనే. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకున్నాను.

హాల్లో నాన్న ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. సెట్టింగు సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. అత్తను చూసి గబుక్కున లేచారు.

"ఫోటో రావట్లేదేమే? ఒంట్లో బాగుండలేదా?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బానే ఉన్నాను అన్నయ్యా."

"ఏం బాగో," అన్నారు నాన్న. "అది వచ్చాకే కదా నేను రోజూ మంచం దిగేది."