ఇస్త్రీ దుప్పటి కింద బొమ్మ

పార్వతీబాయి చెయ్యి పడితే టీవీ చచ్చినట్టేనని జగన్మోహనరావు గారు మా ఆరు కొట్ల ముందు నిలబడి అరిచిన రోజు, నేను నోరు మూసుకుని కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. పిరికితనం ఒకటే అయితే సరిపెట్టుకునేవాణ్ణి. ఆయన మాట నేనూ నమ్మాను.

బాన్సువాడలో బోధన్ వైపు పోయే రోడ్డు మీద ఆ కొట్లన్నీ రావు గారివే. మొదటిది నా టైలరింగ్ షాపు, రెండోది పార్వతీబాయి టీవీల రిపేరు. ఆమెది దగ్గరి తండా. పదో తరగతి అయ్యాక కేబుల్ ఆఫీసులో నెల నెలా ఇళ్ల చుట్టూ తిరిగి డబ్బులు వసూలు చేసే పని చేసింది. బొమ్మ రాకపోతే జనం ఆమె మీదే విరుచుకుపడేవారు. తిట్లు తినక తప్పనప్పుడు అసలు సంగతైనా తెలుసుకుని తిందామని, ఆ ఆఫీసు మెకానిక్ పక్కన నిలబడి పని నేర్చుకుంది. జనం పారేసిన టీవీలు తండాకు మోసుకుపోయి విప్పి చూసేది. ఆరేళ్ల కిందట కొట్టు పెట్టింది. వచ్చినవాళ్లంతా మీ ఆయన లేడా అని అడిగేవారు. "ఉన్నడు, పొలం కాడ. ఆయనకు రిమోట్ పట్టుడు గూడ రాదు. టీవీ ఇట్లియ్యుండ్రి" అనేది.

రావు గారిది కోటగిరి దగ్గర కాలువ కింద పెద్ద వ్యవసాయం. వాళ్ల తాతగారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. మనిషి చెడ్డవాడని అనను. కానీ ఆయనకు ఒక మాట నోట్లోంచి వచ్చిందంటే వెనక్కి పోదు. పోయిన నెల వాళ్ల పెద్ద టీవీకి స్పీకరు గరగరమంటుంటే పార్వతీబాయి మార్చి ఇచ్చింది. పది రోజులకు తెర నల్లబడిపోయింది. కొత్త టీవీలు అమ్మే షాపు మనిషి ఒకడు వచ్చి, పట్టపగలు, వెలుతురు నిండిన హాల్లో, కేబుల్ బాక్సు కూడా తగిలించకుండా తెర మీద టార్చి వేసి చూసి ప్యానెల్ పోయిందన్నాడట. ఎవరో విప్పి పాడుచేశారని కూడా అన్నాడట. ఇంకేముంది, మర్నాడు పొద్దున్న ఆమె రాకముందే రావు గారు ఆమె షట్టరుకు తన తాళం బిగించి, టీవీని ఆటోలో తెచ్చి కొట్టు ముందు నిలబెట్టారు. భార్య శాంతకుమారి గారు కూడా వచ్చారు.

పార్వతీబాయి ఆటో దిగి తాళం చూసింది, టీవీ చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె శాంతకుమారి గారి వైపు తిరిగి, శబ్దం వస్తున్నదా అని అడిగింది. వస్తోందట. రిమోట్ నొక్కితే ఛానెల్ మారుతోందా అంటే, అదీ మారుతోందట. నాలుగు రోజుల నుంచి ఆవిడ నల్ల తెర ముందు కూర్చుని సీరియల్ వింటున్నారు.

పార్వతీబాయి నా కొట్లోకి వచ్చింది. "వెంకట్రాములన్నా, నీ టీవీ బాక్సు గావాలె. గా ఇస్త్రీ దుప్పటి గూడ ఇయ్యి" అంది. ఇచ్చాను. టీవీని నా బల్ల మీద పెట్టించి, బాక్సు వైరు తగిలించి, దుప్పటిని తెర మీదుగా గుడారంలా కప్పింది. సంచిలోంచి టార్చి తీసి, వచ్చి చూడమని రావు గారిని పిలిచింది. రోడ్డు మీద అందరూ చూస్తుండగా కాలిన మరకల దుప్పటిలో తల దూర్చడం ఆయనకు నామోషీ అయింది. నాటకాలు ఆపమన్నారు.

శాంతకుమారి గారు మాత్రం కొంగు దోపుకుని దూరారు. టార్చిని తెరకు దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పట్టుకోమని పార్వతీబాయి బయటనుంచే చెప్పింది. దుప్పటి కింద టార్చి వెలుగు అటూ ఇటూ కదిలింది.

"ఏవండీ, బొమ్మ ఉందండీ" అన్నారావిడ లోపలినుంచి. "మసగ్గా ఉంది. వార్తలు చదివే అమ్మాయి."

రావు గారు నమ్మలేదు. శబ్దం విని చెబుతున్నావన్నారు. రిమోట్ లాక్కుని శబ్దం పూర్తిగా ఆపేసి, ఛానెల్ మార్చి, ఇప్పుడు చెప్పమన్నారు. ఎవరో బజ్జీలు వేయిస్తున్నారన్నారావిడ. మళ్లీ మార్చారు. క్రికెట్ అన్నారు. నా చిన్న టీవీకి వైరు మార్చి చూస్తే క్రికెట్టే. అప్పటికి మా కొట్ల వాళ్లంతా నా గుమ్మంలో పోగయ్యారు.

అప్పుడు పార్వతీబాయి మా అందరికీ వినపడేలా చెప్పింది. ప్యానెల్ బొమ్మను తయారుచేస్తుందే గానీ దానికి సొంత వెలుగు లేదు. వెలుగు వెనకాల ఉండే చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపాల పట్టీలది. వరసలో ఒక్క దీపం పోయినా వరసంతా ఆరిపోతుంది, వాటికి కరెంటిచ్చే బోర్డు మిగతావాటినీ ఆపేస్తుంది. బొమ్మ ఉండి వెలుగు లేదంటే పోయింది బ్యాక్‌లైటు. స్పీకరుకూ దానికీ సంబంధం లేదు.

రావు గారి మొహం ముడుచుకుపోయింది. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె ముందుకు చాచి, సరే బాగుచెయ్యి అన్నారు. ఆమె చెయ్యి చాచలేదు.

"తాళం మీరేసిండ్రు సార్. మీరే తియ్యాలె."

షట్టరు తాళం నేలకు ఆని ఉంటుంది. తియ్యాలంటే ఎవరైనా వంగాల్సిందే. ఆయన తాళంచెవి జేబులో వేసుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయారు. టీవీ నా బల్ల మీదే ఉండిపోయింది.

తీసుకుంటే ఏం పోయేది, మొండిగా ఉంటే కొట్టే పోతుంది కదా అని ఆమె మీద విసుక్కున్నాను.

"గిప్పుడు నేను తీస్తే, రేపు ఇంకోని టీవీ కరాబైన నాడు గిదే తాళం మల్ల పడ్తదన్నా" అంది. సంచి సర్దుకుంటూ, "నువ్వు గూడ నేనే కరాబు చేసిన్ననుకున్నవ్ గద" అంది. తల వంచుకుని సూదికి దారం ఎక్కించబోయాను. సూది కన్నం ఎంతకీ దొరకలేదు.

రెండు రోజులు ఆమె మూసి ఉన్న షట్టరు ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. సంచిలో ఉన్న నాలుగు సామాన్లతో రిమోట్లు బాగుచేసింది. పెద్ద పని తెచ్చినవాళ్లకు కొట్టు ఎందుకు మూసి ఉందో దాచకుండా చెప్పింది. కొట్టు పోతుందేమోనన్న దిగులు ఆమెకు లేదని కాదు. మధ్యాహ్నం సద్ది విప్పి, రెండు ముద్దలు తిని మూత పెట్టేయడం నేను చూశాను. అయినా పొద్దున్నే మళ్లీ అక్కడే స్టూలు పడేది.

మూడో రోజు రావు గారు వచ్చారు. వెనకాలే శాంతకుమారి గారు. తాళం వేసినవాళ్లే తియ్యాలని ఆవిడ రెండు రోజులుగా ఇంట్లో పోరు పెడుతున్నారట. ఎవరితోనూ మాట్లాడకుండా పంచె సర్దుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగారు. తాళం కొంచెం బిగుసుకుంది. రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది. మా కొట్ల వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

పార్వతీబాయి ఆ సాయంత్రమే టీవీ విప్పింది. ప్యానెల్‌ను జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టి, వెనక పట్టీల మీద టెస్టరు ముళ్లు ఆనిస్తూ పోయింది. ఒక్కో దీపం తెల్లగా వెలిగింది. మూడో పట్టీలో ఒకటి మాత్రం వెలగలేదు, నడుమ నల్లగా మాడి ఉంది. రావు గారిని పిలిచి చూపించింది. ఆయన ఈసారి వంగి చూశారు. నిజామాబాద్ నుంచి పట్టీలన్నీ కొత్తవి తెప్పించి మార్చింది. కొన్నప్పటినుంచి బ్యాక్‌లైటు నూటికి నూరు మీద నడిపినందుకే వేడికి పోయి ఉంటుందని చెప్పి, యాభైకి తగ్గించింది.

వాళ్లిద్దరూ మళ్లీ వచ్చాక మీట నొక్కితే తెర వెలిగింది. శాంతకుమారి గారు నవ్వారు. రావు గారు గొంతు సవరించుకుని, మా వైపు చూడకుండా, "ప్యానెల్ కాదంట. ఈ అమ్మాయి తప్పేం లేదు" అన్నారు. ఆ మాత్రానికే ఆయనకు చెమట పట్టింది.

టీవీని ఆటోలోకి ఎక్కించాక, పార్వతీబాయి కొట్లోంచి ఆయన తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మీది మీరు కొంచపోండ్రి సార్. నా కొట్టుకు నా తాళమున్నది."