ఒక్క చేతికి ఇవ్వని ఇల్లు

ఇల్లు అమ్మిపెడతానని ఒకరి గుమ్మం ఎక్కినప్పుడు ముందు ఇంటి మాట ఎత్తకూడదు. ఎందుకు అమ్ముకుంటున్నారో, ఎప్పటిలోగా అమ్ముడుపోవాలో అడగాలి. ధర ఆ తర్వాతి మాట. నాకిది ఎవరూ నేర్పలేదు. గుమ్మాల దగ్గర మాటలు పడీ పడీ నేర్చుకున్నాను.

నా భర్త బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయన పోయాక టేకులపల్లి వైపు నుంచి ఖమ్మం వచ్చి ఒక గదిలో ఉన్నాను. ఒంటరి ఆడమనిషికి గది దొరకడం ఎంత కష్టమో తెలిసొచ్చింది కాబట్టి, నాలాంటి వాళ్ళకు కిరాయి గదులు వెతికిపెట్టడం మొదలుపెట్టాను. అందులోంచే ఇండ్ల అమ్మకాల్లోకి దిగాను. అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. తల నెరిశాక రాత్రిబడికి పోయి నేర్చుకున్నాను. ఒప్పందం కాగితం ఇంకొకరితో రాయించుకుంటే వాళ్ళేం రాశారో నమ్మడం తప్ప దారి లేదు. నాకు ఎవరినీ నమ్మే అలవాటు లేదు.

నా దగ్గర ఇండ్లు కొనేవాళ్ళలో ఎక్కువమంది బొగ్గుబాయి కుటుంబాల వాళ్ళే. ఉద్యోగం దిగిపోగానే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. అడవి వైపు, ఏజెన్సీలో కొందామంటే గిరిజనులు కానివాళ్ళకు రిజిస్ట్రేషన్ కాదు. అందుకని ఆదివారం ఆదివారం బస్సెక్కి ఖమ్మం వచ్చి ఇండ్లు చూసిపోయేవాళ్ళు. ఒంటరిగా ఎవరూ రారు. ఒక షిఫ్టు వాళ్ళంతా కలిసి, పెండ్లాలతో సహా, పెండ్లిచూపులకు వచ్చినట్టు వచ్చేవాళ్ళు. ఒకరు కొనడానికి, మిగతావాళ్ళు వంకలు పెట్టడానికి.

ఒక దసరా వెళ్ళాక ఒక ఇల్లు అమ్మకానికుందని విన్నాను. కోస్తా నుంచి వాళ్ళ పెద్దల కాలంలో బోనకల్ వైపు వచ్చి వ్యవసాయంలో స్థిరపడ్డ కుటుంబం. పిల్లల చదువుల కోసం ఖమ్మంలో కట్టుకున్న ఇల్లు. చదువులు అయిపోయాయి. నాలుగు గదులు, ముందర వరండా, మంచి గాలి. నేను పోయేసరికి ఇంటాయన వరండాలో పేపరు చదువుతున్నాడు. ఇంటావిడ చింతపండు గింజ తీస్తోంది. ఆయన్ని పలకరించి, పోయి ఆవిడ పక్కన కూర్చుని నేనూ రెండు చింతపండు రెబ్బలు చేతికి తీసుకున్నాను. అమ్మకపు మాట ఆయన నోటినుంచి వచ్చినా, అమ్మాల్సిన అవసరం ఆడవాళ్ళకే ఎక్కువ తెలిసి ఉంటుంది.

ఆమె చెప్పింది. బోనకల్ దగ్గర ఆమె పుట్టింటి చేను ఉంది. తండ్రి పోయాక తమ్ముడికి వచ్చింది. తమ్ముడు వ్యాపారానికని విజయవాడ వెళ్ళిపోతూ దాన్ని అమ్మేస్తున్నాడు. ఉగాది దాకా అక్క కోసం ఆగుతానన్నాడు, ఆ తర్వాత బయటివాళ్ళకు ఇచ్చేస్తాడు. ఆ చేలో బావి తవ్వినప్పుడు తాను చిన్నపిల్లనని, తట్టల్లో మట్టి మోసిన వాళ్ళలో తానూ ఉన్నానని చెప్పింది. ఇల్లు అమ్మితేనే చేను. ఆమెకు కావలసింది అదొక్కటే.

అప్పుడు లేచి ఇల్లంతా చూశాను. కప్పు ఎక్కడ చెమ్మగిల్లిందో చూశాను, నల్లా తిప్పాను, దస్తావేజులు ఎవరి పేరున ఉన్నాయో అడిగాను. ఈమధ్య ఆ వీధిలో ఏ ఇల్లు ఎంతకు పోయిందో చెప్పి, ఈ ఇంటికి ఎంత వస్తుందో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొహం మాడింది. నేను ఆగలేదు. ఇల్లు మూడు నెలలు నా ఒక్కదాని చేతికే ఇవ్వమన్నాను. ఆ మూడు నెలలూ ఇంకే దళారీ గుమ్మం ఎక్కకూడదు, ధర ఒక్క నోటినుంచే రావాలి. ఎవరొచ్చారో ఏమన్నారో మంచైనా చెడైనా నేనే వచ్చి చెప్తానన్నాను.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఒకరు వెతికితే ఎక్కువా, పదిమంది వెతికితే ఎక్కువా అమ్మా? నువ్వే చెప్పు."

"తప్పిపోయిన బర్రె అయితే పదిమంది వెతకాలన్నా. ఇల్లు ఏడికి పోదు. పదిమంది పది ధరలు చెప్తే కొనేటోనికి అనుమానం వస్తది."

ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"స్కూటరు మీద ఒకాయన వచ్చాడు. నీకంటే ముప్పై వేలు ఎక్కువ పలుకుతుందన్నాడు."

"చెప్పుడుకు ఏం పోయిందన్నా. నేను యాభై ఎక్కువ చెప్త. కొనేటోని పేరు మాత్రం అడగకు."

ఆయన ఇంకా చాలా అడిగాడు. మా చుట్టాలే ఎవరైనా కొంటే నీకు కమీషన్ ఎందుకు ఇవ్వాలన్నాడు. వాళ్ళ పేర్లు ఇప్పుడే కాగితం మీద రాయండి, వాళ్ళు కొంటే నాకేమీ వద్దన్నాను. నూటికి రెండు ఎక్కువన్నాడు. అమ్ముడుపోకపోతే నా చెప్పులు అరిగినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరని చెప్పాను. ఆడమనిషివి, రిజిస్ట్రారాఫీసు చుట్టూ తిరగగలవా అన్నాడు. అక్కడి బంట్రోతును అడిగిరండి, నన్ను చూసి లేచి కుర్చీ వేస్తాడన్నాను. అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. కానీ జవాబులు ఉన్నంతమాత్రాన మనుషులు ఒప్పుకోరు. ముప్పై వేలు ఎక్కువని ఒకసారి విన్న చెవికి ఇంకోమాట ఎక్కదు.

"ఆలోచించుకుని చెప్తాంలే" అన్నాడు చివరికి.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఆవిడ గేటు దాకా వచ్చింది. ఆయన మాట కాదనలేక కాదు, ఏది నిజమో తనకూ తెలియక అలా నిలబడింది.

కాదన్నవాళ్ళ ఇంటికి మళ్ళీ పోవడంలోనే ఈ పని అంతా ఉంది. నేను పోతూనే ఉన్నాను. ఏమనుకున్నారు అని ఒక్కసారీ అడగలేదు. అట్లా అడిగితే అప్పులవాడు వచ్చినట్టుంటుంది. పోయినప్పుడల్లా ఒక వార్త పట్టుకుపోయేదాన్ని. మీ వెనక వీధి ఇల్లు ఇంతకు పోయింది, చెరువు వైపు ఇల్లు ఇంకా పోలేదు అని రెండు మాటలు చెప్పి, నీళ్ళు తాగి లేచేదాన్ని. ఉత్తచేతులతో పోకూడదన్నది నేను పెట్టుకున్న కట్టుబాటు. నన్ను చూడగానే ఆవిడ "అక్కా, ఏమన్నా తెలిసిందా?" అని అడిగేది. ఇంటి సంగతి చెప్పాక చేను సంగతి కూడా చెప్పమనేది. బోనకల్ వైపు పోయినప్పుడు చూసి వచ్చి, పత్తి ఎట్లా ఉందో చెప్పేదాన్ని.

ఇటు స్కూటరాయన ఒక్కడే కాదు, ఇంకా ఇద్దరు ముగ్గురు దళారులు ఆ ఇంటిని చూపించడం మొదలుపెట్టారు. ఎవరి ధర వాళ్ళది. సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం జరగకూడనిది జరిగింది. బొగ్గుబాయి వాళ్ళ గుంపొకటి ఖమ్మం వచ్చి రెండుగా చీలి ఇండ్లు చూడబోయింది. పొద్దున ఒక దళారి సగంమందికి ఆ ఇల్లు చూపించి ఒక ధర చెప్పాడు. మధ్యాహ్నం ఇంకో దళారి మిగతా సగానికి అదే ఇల్లు చూపించి ఇంకో ధర చెప్పాడు. సాయంత్రం బస్సులో అందరూ ఒకచోట కూర్చున్నారు.

నా తమ్ముడు అదే బాయిలో పనిచేసేవాడు. తర్వాతి వారం వచ్చి నా గదిలో కూర్చుని ఆ ఇంటి మాట తనే ఎత్తాడు.

"అక్కా, ఆ వరండా ఇల్లు నీ చేతుల ఉందా?"

"లేదు. ఏమాయె?"

"మంచిగయింది. దాని జోలికి పోకు. మస్టర్ కాడ గదే ముచ్చట. గంత మంచి ఇల్లు గిన్ని ధరలల్ల ఎందుకు తిరుగుతది, ఏదో ఉన్నదంటున్నరు. అండ్ల ఎవరో ఉరిపెట్టుకున్నరంట."

"ఎవడన్నడు?"

"అందరు అంటున్నరు."

ఆ ఇంట్లో ఎవరూ చావలేదు. ఆ ఇల్లు కట్టింది వాళ్ళే, మొదటినుంచీ ఉన్నది వాళ్ళే. ఆ మాటే తమ్ముడికి చెప్పాను. "నాకు చెప్తే ఏం లాభమక్కా, మూడు షిఫ్టులకు చెప్పు" అన్నాడు. వాడన్నది నిజం. మస్టర్ దగ్గర హాజరు వేసుకునేటప్పుడు పుట్టిన మాట సాయంత్రానికి పక్క బాయికి పోతుంది. ఒక బాయి వద్దన్న ఇంటిని ఇంకో బాయి కొనదు. నాకు కొనేవాళ్ళంతా అక్కడే ఉన్నారు.

ఈ వార్త కూడా పట్టుకుపోయాను. దాచి ఏం లాభం? వరండాలో నిలబడే చెప్పాను. ఆయన లోపలికి పోయి తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు. స్కూటరాయన నెలరోజులుగా కనబడటం లేదట.

ఆ కాగితం నేనే రాశాను. ఈ ఇల్లు ఉగాది దాకా నేను తప్ప ఎవరూ అమ్మరాదని, నేను చూపించిన మనిషి తర్వాత నేరుగా వచ్చి కొన్నా నా భాగం నాకు రావాలని, ఫలానా చుట్టాలు కొంటే ఏమీ అక్కర్లేదని రాశాను. ఆయన సంతకం చేశాడు. అంత మంచి ఇల్లు నా ఒక్కదాని చేతికి రావడం అదే మొదటిసారి. సంతోషం కలగలేదు. చెడిపోయాక చేతికిచ్చిన పాలు ఎవరు తోడేసినా పెరుగు కావు.

అయినా తిరిగాను. బాయి వాళ్ళను వదిలేసి బడుల చుట్టూ, బ్యాంకుల చుట్టూ తిరిగాను. మధిర పోయి పత్తి వ్యాపారులను కలిశాను. ధర తగ్గించమంటే ఇంటాయన నోరెత్తకుండా తగ్గించాడు. ఒక టీచరు దంపతులకు ఇల్లు నచ్చింది. ఆమె వంటింట్లో నిలబడి, గ్యాసు పొయ్యి ఇక్కడ, బియ్యం డబ్బా అక్కడ అని చేత్తో చూపిస్తోంది. అట్లా చూపించారంటే కొంటారన్నమాట. కొనేముందు ఇరుగుపొరుగును అడగడం అందరూ చేసేదే, వాళ్ళూ అడిగారు. ఎదురింటి ముసలామె, పాపం, మంచి మనిషే, "ఎవరో ఏదో అన్నారమ్మా, మాకైతే తెలియదు" అంది. టీచరు దంపతులు మళ్ళీ రాలేదు. నేను వాళ్ళింటికి పోతే ఆమె తలుపు సగమే తెరిచింది.

ఉగాది వచ్చింది. ఆవిడ తమ్ముడు మాట తప్పలేదు. ఉగాది దాకా ఆగాడు, తర్వాత చేను బయటివాళ్ళకు రాసిచ్చి విజయవాడ వెళ్ళిపోయాడు.

కాగితం తిరిగి ఇవ్వడానికి పోయాను. ఇల్లు ఇంక అమ్మేది లేదని ఆయన చెప్పాడు. ఆవిడ నాకు కాఫీ ఇచ్చి, గ్లాసు కడగడానికని లోపలికి పోయి బయటికి రాలేదు.

దాంతో నా పని అయిపోయినట్టే. కానీ ఆ వీధిలోకి పోయినప్పుడు కాళ్ళు అటే తిరిగేవి. నన్ను చూస్తే ఆవిడ అలవాటుగా "ఏమన్నా తెలిసిందా అక్కా?" అనేది. ఇంటి గురించి తెలియాల్సింది ఏమీ లేదు. అందుకని చేను గురించే చెప్పేదాన్ని. మిరప వేశారు, మంచిగా కాసింది అనేదాన్ని. గట్టు మీది తుమ్మ కొట్టేశారు అనేదాన్ని.

రెండు మూడేండ్లు పోయాక బోనకల్ వైపు పనిమీద పోయినప్పుడు చేనుకు కొత్త బోరు కనబడింది. బావిలో మట్టీ రాళ్ళూ పోసి పూడ్చి, దానిమీద కూడా మిరప మొక్కలు పెట్టారు. బస్సులో వస్తూ చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఈసారికి ఉత్తచేతులతో పోదామనుకున్నాను. కానీ ఆమె అడిగింది, నాకు దాచడం రాదు.

"బావి పూడ్చిండ్రు చెల్లె" అన్నాను.

ఆమె చేతిలో చాట ఉంది. బియ్యం చెరుగుతూనే అడిగింది.

"బావి గిలకేం చేశారు?"

నేను చూడలేదన్నాను.

"ఈసారి అటు వెళ్ళినప్పుడు కనుక్కో అక్కా."