పచ్చడి సీసాని మడవకండి

ఉద్యోగరీత్యా నేను కాగితాల మనిషిని. వెల్లింగ్టన్‌లో ఒక ప్రభుత్వ శాఖలో బిజినెస్ అనలిస్టుని. అంటే ఒకరు చెప్పింది ఇంకొకరికి అర్థమయ్యేలా డాక్యుమెంటు రాసి, ఆ ఇద్దరి చేతా తిట్లు తినేవాణ్ణి. అలాంటివాడికి శనివారాల్లో తెలుగు వార్తల కార్యక్రమానికి స్క్రిప్టు రాసే పని ఎవరైనా ఇస్తారా? ఇచ్చారు. జీతం లేదు కాబట్టి ఇచ్చారు.

వెల్లింగ్టన్ పక్కనే లోవర్ హట్‌లో ఒక కమ్యూనిటీ స్టూడియో ఉంది. ఒక్కో భాషవాళ్ళకి వారానికి ఒక గంట స్టూడియో ఇస్తుంది. ఆ గంటలోనే సర్దుకోవాలి, రికార్డు చేసుకోవాలి, ఖాళీ చేయాలి. ఎడిటింగ్ లేదు. రికార్డైంది రికార్డైనట్టే ఆన్‌లైన్‌లోకి పోతుంది. అప్పటిదాకా యాంకర్‌గా ఉన్నావిడ భర్త ఉద్యోగం మారి ఆక్లాండ్ వెళ్ళిపోయింది. కొత్త యాంకర్‌గా మా వీధి చివర ఉండే అమ్మాయి ముందుకొచ్చింది. ఒంగోలు దగ్గర పిల్ల, ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో కేర్‌గివర్. చర్చిలో బైబిలు వాక్యం చదివితే పిల్లలు కూడా కదలకుండా కూర్చుంటారని పేరు.

స్టూడియో మేనేజర్ ఒక కివీ ఆవిడ, అంటే ఈ దేశంలోనే పుట్టి పెరిగినావిడ. తెలుగు ఒక్క ముక్క రాదు. ముందే చెప్పేసింది: "ఇది ట్రయల్. ఈ అమ్మాయి నిలబడితే ఈ గంట మీది. లేకపోతే వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తాను. మీ భాష నాకు రాదు. నా చేతిలో ఉన్నది మీ స్క్రిప్టొక్కటే. అందులో ఉన్నదే తెర మీద కనపడాలి, వినపడాలి."

ఆ మాట విని నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. యాంకర్ మాత్రం బయట కారు దగ్గర నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"అన్నా, నాకీ సీటు కావాలన్నా. వారమంతా ఇంగ్లీషులో 'టీ తాగారా, మాత్ర వేసుకున్నారా' అనడమే. తెలుగు మాట్లాడేది మా ఫ్రిజ్‌తోనే. ఎట్టన్నా నన్ను గట్టెక్కించు."

"నువ్వు నిశ్చింతగా ఉండమ్మా, స్క్రిప్టు నేను చూసుకుంటా," అన్నాను. ఇంతకంటే ప్రమాదకరమైన మాట నా జీవితంలో అనలేదు.

విషయం రీసైక్లింగ్. ఏ చెత్త ఏ బిన్‌లో వేయాలో మనవాళ్ళకి అర్థమయ్యేలా ఆరు నిమిషాల ముఖాముఖి. అతిథిగా ఒక అంకుల్ దొరికారు. గుంటూరులో జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి, ఇక్కడ రీసైక్లింగ్ ప్లాంటులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా ఉన్నారు. ఇంతకంటే తగిన మనిషి ఈ దేశంలో ఉండడు.

మొదటి పేచీ పేరుపట్టీ దగ్గరే వచ్చింది. అతిథి మాట్లాడడం మొదలుపెట్టగానే తెర కింది భాగంలో ఒక పట్టీ వస్తుంది. పైవరసలో పేరు, కిందివరసలో హోదా. ఐదారు సెకన్లుండి పోతుంది. అంతకంటే పెద్దది రాస్తే చదివేలోపే మాయమవుతుంది. ఆయన వాట్సాప్‌లో పంపిన హోదా ఇది: ఎమ్మెస్సీ, బీఈడీ, పూర్వ అధ్యాపకులు, బోర్డు పరీక్షల మాజీ పరిశీలకులు, ప్రస్తుతం షిఫ్ట్ సూపర్‌వైజర్.

"అంకుల్, ఇదంతా వేస్తే పట్టీ మీ గడ్డం దాకా వస్తుంది."

"గడ్డం కనపడకపోయినా పర్లేదయ్యా, డిగ్రీ కనపడాల," అన్నారాయన.

చివరికి ఎమ్మెస్సీని పైవరసలో పేరు పక్కన ఇరికించి, కిందివరసలో ఉద్యోగం ఒక్కటే ఉంచి ఒప్పించాను.

ఇక స్క్రిప్టు. రెండు నిలువు వరసల్లో రాస్తారు. ఎడమవైపు తెర మీద ఏం కనపడాలో, కుడివైపు ఏం వినపడాలో. ఒక ముక్క చూడండి:

ఎడమ: కెమెరా 1, యాంకర్. కుడి: "ఖాళీ అయిన పచ్చడి సీసాలు ఏం చేయాలి సార్?"
ఎడమ: కెమెరా 2, అతిథి. మూడు సెకన్ల తర్వాత గ్రాఫిక్ 4, ఫుల్ స్క్రీన్: సీసా, కుళాయి, గాజు డబ్బా. కుడి: "మంచి ప్రశ్న అడిగారమ్మా. మూత తీసి, సీసా కడిగి, గాజుకని విడిగా ఇచ్చిన డబ్బాలో వేయాలి."

మీకు తప్పు కనపడిందా? నాకు కనపడలేదు. అతిథి జవాబు ఎవరూ అక్షరం అక్షరం రాయరు. రావాల్సిన అంశాలు రెండు మూడు ముక్కల్లో రాసి వదిలేస్తారు. నేనేమో గ్రాఫిక్ సరిగ్గా ఏ మాట దగ్గర పడాలో తేల్చుకోవాలన్న చాదస్తంతో ఆరు ప్రశ్నలకీ ఆరు జవాబులు పూర్తిగా రాశాను. సహజంగా ఉంటుందని ప్రతి జవాబు మొదట్లోనూ 'మంచి ప్రశ్న అడిగారమ్మా' అని చేర్చాను. మేనేజర్‌కి ఇంగ్లీషులో ఒక కాపీ, అంకుల్‌కి తెలుగులో ఒక కాపీ పంపాను. అంకుల్ ఏం చేశారు? పరీక్షలు రాయించిన చేతులాయె, మొత్తం కంఠతా పట్టారు.

శనివారం వచ్చింది. మేనేజర్ కెమెరాలు మార్చే బల్ల ముందు కూర్చుంది. గ్రాఫిక్ నంబరు కేకేయడానికి నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. నా ముందున్న మైకులో మాట్లాడితే యాంకర్ చెవిలో వినపడుతుంది. తర్వాతి గంటవాళ్ళు అప్పటికే డోళ్ళతో సహా తలుపు బయట నిలబడ్డారు.

ఏ ప్లాస్టిక్కులు తీసుకుంటారని మొదటి ప్రశ్న. అడుగున త్రికోణంలో ఒకటి, రెండు, ఐదు అని నంబరున్నవే పసుపు మూత ఉన్న రీసైక్లింగ్ బిన్‌లో వేయాలని అంకుల్ గడగడా చెప్పారు. గ్రాఫిక్ 1 సరిగ్గా 'త్రికోణం' అన్న మాట మీద పడింది. రెండో ప్రశ్న మూతలు. మూతలు తీసి మామూలు చెత్తలో వేయాలి. గ్రాఫిక్ 2 కూడా అంతే. నేను మేనేజర్ వైపు గర్వంగా చూశాను. ఆవిడ గడియారం చూపించింది.

నలభై సెకన్లు ఎక్కువైంది. కారణం నేనే. యాంకర్ నోటితో మొదట్లో చెప్పించిన ఉపోద్ఘాతంలో మానవుడు చెత్త పారేయడం ఎప్పుడు మొదలుపెట్టాడో కూడా రాశాను. కంగారుగా మైకు నొక్కి, "మూడు వదిలెయ్, నాలుగుకి పో," అన్నాను.

యాంకర్ కన్నార్పకుండా, "ఖాళీ అయిన పచ్చడి సీసాలు ఏం చేయాలి సార్?" అని అడిగింది.

"మంచి ప్రశ్న అడిగారమ్మా," అన్నారు అంకుల్. "లోపల తినుబండారం ముక్కలు దులిపేసి, కొంచెం నూనె అంటుకున్నా పర్వాలేదు, శుభ్రంగా చదునుగా మడిచి పసుపు మూత బిన్‌లో..."

అది మూడో జవాబు. పిజ్జా పెట్టె జవాబు. తెర మీదేమో నిగనిగలాడే గాజు సీసా, వెనకాల ఎమ్మెస్సీ గొంతు. న్యూజిలాండ్‌లోని తెలుగువాళ్ళందరూ ఆవకాయ సీసాలు మడుస్తున్నట్టు నాకు కళ్ళకు కట్టింది. మైకులో ఏదో చెప్పాలి. నా నోట్లోంచి "అయ్యో, అయ్యో" తప్ప ఇంకేం రాలేదు. అది సూటిగా ఆ పిల్ల చెవిలోకే వెళ్ళింది.

"సార్," అంది యాంకర్.

అంకుల్ ఆగిపోయారు. పైకప్పు వైపు చూశారు. పెదవులు కదిలాయి. మళ్ళీ మొదలుపెట్టారు: "మంచి ప్రశ్న అడిగారమ్మా. లోపల తినుబండారం ముక్కలు..."

కంఠతా పట్టినవాళ్ళని మధ్యలో ఆపితే ఎక్కడ ఆగారో అక్కణ్ణించి రాదు, మొదటికే పోవాలి. ఆ సంగతి అంకుల్ పాఠం విన్న ప్రతి విద్యార్థికీ తెలిసుండాలి. నాకు తెలియలేదు. ఆ అమ్మాయికి తెలిసింది.

చేతిలోని స్క్రిప్టు బల్ల మీద బోర్లా పెట్టేసింది. కెమెరా వైపు తిరిగి నవ్వింది. "ప్రేక్షకులకి ఒక మాట. పచ్చడి సీసాని మడవకండి. సార్ చెప్తున్నది మూడో సంగతి, పిజ్జా పెట్టె సంగతి. సార్, చెప్పండి, పిజ్జా పెట్టె మళ్ళీ మొదట్నుంచీ."

"గ్రాఫిక్ 3!" అని అరిచాను. పెట్టె వచ్చింది. ముక్కలు దులిపారు, మడిచారు, బిన్‌లో వేశారు. ఆయన ఊపిరి తీసుకునేలోపు ఆమె అందుకుంది. "నాలుగోది, సీసా. ఇప్పుడు అసలు మాట చెప్పండి సార్." అంకుల్ వరస ఎలాగూ నాలుగుకే వచ్చింది. గ్రాఫిక్ 4 మళ్ళీ వేశాం. ఐదోది పల్చటి ప్లాస్టిక్ కవర్లు. అవి బిన్‌లో వద్దు, కొన్ని సూపర్‌మార్కెట్ల దగ్గర విడిగా తీసుకునే పెట్టెలుంటాయి. మిగిలిన టైము చాలదు. అంకుల్ ఆ జవాబు మధ్యలో ఉండగానే దాని చివరి వాక్యం ఆమే నెమ్మదిగా అనేసింది. అయిపోయిందనుకుని ఆయన తలూపి ఆరులోకి దిగారు. తప్పు వస్తువులు కలిస్తే మంచివి కూడా చెత్తకుప్పకే పోతాయని ఆయన చెప్పడం, కేటాయించిన ఆరు నిమిషాలు పూర్తవడం ఒకేసారి జరిగాయి.

అంకుల్ మెడలోంచి మైకు తీసుకుంటూ, "పేపరు ఈజీనే. ఒక్క ప్రశ్న మాత్రం సిలబస్‌లో లేదయ్యా," అని ఇంటికి వెళ్ళిపోయారు.

మేనేజర్ చెవులకున్న హెడ్‌ఫోన్ తీసింది. "సీసా రెండుసార్లు ఎందుకొచ్చింది? అమ్మాయి కాగితం ఎందుకు బోర్లించింది? స్క్రిప్టులో ఉన్నదే చెప్పిందా, లేదా?"

యాంకర్ గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. ఔనని అబద్ధం చెప్తే గొడవే లేదు, ఈవిడకి తెలుగు రాదు. స్క్రిప్టు పరువు కూడా నిలుస్తుంది. ఒక్క క్షణం ఆశ పుట్టిన మాట నిజం, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పిల్ల చేసిన పనిని నా కాగితం ఖాతాలో ఎలా వేసుకోను?

"లేదు," అన్నాను. "సగం నుంచీ స్క్రిప్టులో ఉన్నది చెప్పలేదు. మధ్యలో ప్రశ్న వదిలేయమన్నది నేను. జవాబులు రాసిచ్చి, ఆయన వాటిని వరసగా కంఠతా పట్టేలా చెడగొట్టింది నేను. స్క్రిప్టు ప్రకారం పోయుంటే జనం సీసాలు మడిచేవాళ్ళు. నిలబెట్టింది ఈ అమ్మాయే."

మేనేజర్ ఆమె వైపు తిరిగింది. "ఆయన వరసలో పోతున్నాడని నీకెలా తెలిసింది?"

"మా వృద్ధాశ్రమంలో రోజూ ఇదే పని," అంది యాంకర్ ఇంగ్లీషులో. "పాత కథలు చెప్తుంటారు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికే పోతారు. మనం అనుకున్న ప్రశ్న అడిగితే లాభం లేదు. వాళ్ళు ఏం చెప్తున్నారో విని, ఆ ప్రశ్న అడగాలి."

మేనేజర్ నా స్క్రిప్టు తీసి, కుడివైపు వరసలో అంకుల్ జవాబులన్నీ పైనుంచి కిందికి పెన్నుతో కొట్టేసింది. "ఇకమీదట ఇవి రాయొద్దు," అని నాకు చెప్పింది. "వచ్చే శనివారం పదింటికి వచ్చెయ్," అని ఆమెకి చెప్పింది.

నాకు కోపం రావాలి. నేను రాసినదాంట్లో ఒక్క కామా కొట్టేసినా ఆఫీసులో మూడు రోజులు ముభావంగా తిరిగేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఆ కొట్టేసిన కాగితాన్నే సంతోషంగా మడిచి జేబులో పెట్టుకున్నాను.

బయట గాలికి కారు తలుపు తెరుచుకోవడమే కష్టంగా ఉంది. ఆమె ఆ గాలిలోనే నిలబడి వృద్ధాశ్రమంలో డ్యూటీలు వేసేవాళ్ళకి ఫోన్ చేసింది. ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, చర్చిలో వాక్యం చదివే ఆ గొంతుతో ఇంగ్లీషులో చెప్పింది: "ఇక నుంచి శనివారాలు నేను రాలేను. నాకు వార్తలున్నాయి."